అత్యవసరానికి 50,000: పర్సనల్ లోనా, క్రెడిట్ కార్డు మీద నగదా?

తులసికోట: నాన్నగారి శస్త్రచికిత్సకు రేపటిలోగా 50,000 కట్టాలి. బీమా సొమ్ము మూడు, నాలుగు వారాల్లో తిరిగి వస్తుందన్నారు. బ్యాంకు యాప్‌లో 14 శాతానికి పర్సనల్ లోన్ చూపిస్తోంది, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం. కార్డు మీద ఏటీఎంలో తీస్తే ఫీజు 2.5 శాతం, వడ్డీ నెలకు 3.5 శాతం. ఏది నయం?

నీలిగోరింట: కార్డు మీద నగదు జోలికి పోకండి. మా తమ్ముడు తీసి, నెలనెలా బిల్లులో అడిగిన కనీస మొత్తమే కట్టుకుంటూ వచ్చాడు. 2,500 కడితే అందులో 1,750 వడ్డీకే పోయేది. ఏడాది గడిచినా బాకీ అక్కడే ఉంది.

చక్రధారి: కంగారెందుకు? కార్డుకు 45 రోజుల దాకా వడ్డీ లేని గడువు ఉంటుంది కదా. బిల్లు గడువు తేదీలోగా మొత్తం కట్టేస్తే ఫీజు తప్ప పైసా పడదు. నేను ఎప్పుడూ అలాగే వాడతాను.

పద్దుపుస్తకం: చక్రధారి గారూ, మీరు చెప్పేది కొనుగోళ్ల సంగతి. నగదుకు ఆ గడువు వర్తించదు. తీసిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది.

చక్రధారి: పదేళ్లుగా కార్డు వాడుతున్నవాడిని, నాకు నేర్పిస్తున్నారా? నా బిల్లులో వడ్డీ అన్న మాటే ఎప్పుడూ కనిపించలేదు.

పద్దుపుస్తకం: ఆ పదేళ్లలో ఒక్కసారైనా ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీశారా? అది చెప్పండి ముందు.

చక్రధారి: తీయాల్సిన అవసరం నాకు రాలేదు. అంత మాత్రాన నిబంధనలు తెలియవంటారా?

నీలిగోరింట: మా తమ్ముడి స్టేట్‌మెంటులో మరో వింత. బిల్లులో ఉన్నదంతా ఒకసారి కట్టేశాడు, తర్వాతి నెల మళ్లీ వడ్డీ వచ్చింది! బ్యాంకువాళ్లను అడిగితే సరిగ్గా చెప్పినవాళ్లు లేరు.

పద్దుపుస్తకం: అందులో వింతేమీ లేదు. బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ తర్వాతి బిల్లులో చేరుతుంది. అందుకే నగదు తీసినవారు బిల్లు కోసం ఎదురుచూడకూడదు. డబ్బు చేతికి వచ్చిన రోజే జమ చేయాలి.

ఇక తులసికోట గారి లెక్క. కార్డయితే ఫీజు 1,250, వడ్డీ రోజుకు దాదాపు 58. బీమా సొమ్ము 25వ రోజున వస్తే మొత్తం ఖర్చు 2,700 చిల్లర. లోన్ ఏడాదికి తీసుకుంటే ఫీజు 1,000, వడ్డీ దాదాపు 3,870, కలిపి 4,870. మొదటి వాయిదా కట్టగానే మూసేద్దామంటే ముందస్తు ముగింపు రుసుము చూసుకోవాలి. అది మిగిలిన అసలు మీద 4 శాతమైతే 1,840 పైనే, మొత్తం 3,400 దాటుతుంది. కొన్ని బ్యాంకులు తొలి కొన్ని నెలలు మూయనే మూయనివ్వవు. కాబట్టి నెలలోపు తీరుతుందంటే కార్డే చవక. రెండు నెలలు దాటితే, ఏడాది పాటు కట్టే లోన్ కూడా దానికంటే చవకే. కార్డు బాకీని అదే వడ్డీతో ఏడాది వాయిదాల్లో తీర్చాలంటే ఫీజుతో కలిపి 13,300 దాకా పోతుంది.

గంగిరెద్దు: 14 శాతం ఎందుకండీ, నాకు 9 శాతానికే ఇచ్చారు. వాయిదాలు పూర్తయ్యేదాకా ఒకటే వడ్డీ, మారదు.

పద్దుపుస్తకం: ఏడాదికి 50,000 మీద మొత్తం 4,500 వడ్డీ వేశారా? అయితే అది ఫ్లాట్ రేటు. అసలు తగ్గుతున్నా వడ్డీ మొదటి మొత్తం మీదే వేస్తారు. ఈ 14 శాతం కంటే మీదే ఎక్కువ, దాదాపు 16 పడుతుంది.

గంగిరెద్దు: కాగితం మీద 9 అని స్పష్టంగా ఉంది. మీరు 16 అంటే నేనెలా నమ్మాలి?

మొగలిపొద: వీళ్ల పోట్లాట సరే. తులసికోట గారూ, ఆసుపత్రిలో నేరుగా కార్డు గీకనివ్వరా? అప్పుడది కొనుగోలు కిందికి వస్తుంది. నగదు ఫీజు ఉండదు, చక్రధారి గారి 45 రోజులూ పనికొస్తాయి.

చక్రధారి: అదే కదా నేను మొదటినుంచీ చెబుతున్నది!

పద్దుపుస్తకం: మీరు చెప్పింది అది కాదు.

తులసికోట: ఇప్పుడే కౌంటరులో అడిగాను. కార్డు తీసుకుంటారు, పైన 2 శాతం వేస్తారట. అంటే 1,000. గీకేస్తాను.

పద్దుపుస్తకం: ఆగండి, పోయిన బిల్లులో బాకీ ఏమైనా మిగిల్చారా? మిగిలితే కొత్త కొనుగోలుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

తులసికోట: 12,000 ఉంది. దాన్ని ఈరోజే కట్టేసి గీకితే గడువు వెంటనే తిరిగి వస్తుందా, లేక వచ్చే బిల్లు దాకా ఆగాలా?

పద్దుపుస్తకం: అది ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటుంది. మీ కార్డు నిబంధనల్లో చూడండి. గడువు రాకపోయినా 25 రోజులకు మొత్తం 2,500 దాటదు, ఏటీఎం కంటే తక్కువే.

గంగిరెద్దు: నా 9 శాతం సంగతి ఎవరైనా తేల్చండి బాబూ.