మెట్రో మ్యాప్ 45 డిగ్రీల గీతల్లోనే ఉండాలా, ఊరు ఉన్నట్టే గీయాలా?

మూసీతీరం:
హైదరాబాద్ మెట్రో మ్యాప్ సొంతంగా గీస్తున్నా. గీతలు అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు, ఇంతే. బ్లూ లైన్ అమీర్‌పేట నుంచి పరేడ్ గ్రౌండ్‌కి అడ్డంగా పెట్టా, అక్కడ్నించి గ్రీన్ నిలువుగా ఎంజీబీఎస్‌కి దింపా. రెడ్ లైన్ అమీర్‌పేట నుంచి ఏటవాలుగా దింపితే ఎంజీబీఎస్ చేరకముందే గ్రీన్ మీదకెక్కి కూర్చుంటోంది. 45 రూల్ వదిలేసి ఊళ్ళో ఎలా ఉందో అలాగే గీయమంటున్నాడు మా రూమ్మేట్. ఏది కరెక్ట్?

పట్టాలపిచ్చి:
రూల్ వదలకు బ్రో. లండన్‌కి హ్యారీ బెక్ 1931లో గీసి చూపించింది ఇదే పద్ధతి, 1933లో అచ్చయింది, అప్పట్నించి లోకమంతా అదే ఫాలో అవుతోంది. ఇంకో ముఖ్యమైన విషయం, మ్యాప్ మొత్తంలో ఏ రెండు స్టేషన్ల మధ్యయినా గ్యాప్ ఒకటే ఉండాలి, అది తప్పితే మెట్రో మ్యాప్ లుక్కే రాదు. నువ్వు 40 పిక్సెళ్ళు అనుకుంటే అంతటా 40 పెట్టు, రెడ్ దానంతటదే సెట్ అవుతుంది.

రూళ్ళకర్ర:
సెట్ అవదు తమ్ముడూ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. బెక్ కూడా ఊరి మధ్య భాగాన్ని విప్పి శివార్లని దగ్గరికి లాగాడు. గ్యాప్ సమానం అనేది ఒక్కో ముక్కకి చూసుకోవాలి, మొత్తం మ్యాప్‌కి కాదు.

మూసీతీరం, నువ్వు గీత గీయకముందే స్టేషన్లు లెక్కపెట్టుకోవాల్సింది. ఇంటర్‌చేంజ్‌ల మధ్య బ్లూలో 4 స్టేషన్లున్నాయి, పారడైజ్ నుంచి బేగంపేట దాకా, అంటే గ్యాప్‌లు 5. గ్రీన్‌లో 7 స్టేషన్లు, 8 గ్యాప్‌లు. రెడ్‌లో పంజాగుట్ట నుంచి ఉస్మానియా మెడికల్ కాలేజ్ దాకా 8, కాబట్టి 9 గ్యాప్‌లు. గడి 40 అనుకుంటే బ్లూ 200 అడ్డం, గ్రీన్ 320 నిలువు. రెడ్ ఇప్పుడు 200 కుడికీ 320 కిందికీ రావాలి. 45 డిగ్రీల గీత ఎంత కుడికి పోతే అంతే కిందికి పోతుంది, 200 దగ్గర కుడివైపు అయిపోయింది, ఇంకా 120 కిందికి మిగిలే ఉంది. నువ్వు ఆ 120ని చివర్లో పెట్టావు, చివర్లో అంటే గ్రీన్ ఉన్న నిలువు గీత మీదే కదా, అందుకే ఎక్కింది.

ఆ 120ని మధ్యలోకి తెచ్చెయ్. అమీర్‌పేట నుంచి ఏటవాలు, తర్వాత 120 నిలువు, మళ్ళీ ఏటవాలుగా ఎంజీబీఎస్‌లోకి. ఇలా చేస్తే రెడ్ ఎడమ పైనుంచి వస్తుంది, గ్రీన్ నేరుగా పైనుంచి వస్తుంది, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మియాపూర్ నుంచి వచ్చే గీత కూడా ఏటవాలే కాబట్టి అమీర్‌పేటలో వంపు లేకుండా దూసుకుపోతుంది. ఇంటర్‌చేంజ్ గుండ్రం మీద గీత వంగిందంటే చూసేవాడికి ఏ లైన్ ఎటు పోయిందో ఒక క్షణం అర్థం కాదు, నేను ప్రింట్ తీసి గోడకి పెట్టి మరీ గమనించిన విషయం ఇది.

మూసీతీరం:
అన్నా అర్థమైంది, ఇప్పుడే చేసి చూశా. ఏటవాలు రెండు గడులు, నిలువు మూడు, మళ్ళీ ఏటవాలు మూడు. గ్రీన్ మీదకి రావట్లేదు. కానీ అసెంబ్లీ స్టేషన్ సరిగ్గా వంపు మీద పడినట్టుంది, చుక్క పక్కకి వాలినట్టు కనిపిస్తోంది.

రూళ్ళకర్ర:
అవును పడుతుంది. రెడ్ మొత్తం పొడవు దాదాపు 403 వస్తుంది, 9తో భాగిస్తే గ్యాప్ 44.8. పక్కన బ్లూ గ్రీన్‌లకి 40, ఆ తేడా కంటికి ఆనదు. అసెంబ్లీ ఐదో స్టేషన్ కాబట్టి గీత వెంబడి 224 దగ్గర ఉంటుంది, నీ రెండో వంపు 233 దగ్గర ఉంది. 9 పిక్సెళ్ళ దూరంలో వంపు ఉంటే, మూలని గుండ్రం చేసినప్పుడు చుక్క ఆ గుండ్రంలోకే పోతుంది.

మొదటి వంపుని అమీర్‌పేట నుంచి కుడికి 80కి బదులు 84 దగ్గర పెట్టు. రెండోది దాంతోపాటే జరుగుతుంది. అప్పుడు ఖైరతాబాద్‌కి పైన వంపు 15 దూరం, అసెంబ్లీకి కింద వంపు 15 దూరం. గ్రిడ్ నుంచి 4 పిక్సెళ్ళు తప్పుకున్నాం కానీ గ్రిడ్ మనకోసమే కదా. అమీర్‌పేట 300,300 అనుకుంటే:

```
<path d="M300 300 H500 V620" fill="none" stroke="black"/>
<path d="M300 300 L384 384 V504 L500 620" fill="none" stroke="red"/>
```

మొదటి దాంట్లో బ్లూ, గ్రీన్ కలిపి రాశా, నువ్వు రంగు కోసం విడగొట్టుకో. ఇంతకన్నా మూడో వంపు పెట్టాల్సి వస్తోందంటే ఇంటర్‌చేంజ్‌ల చోట్లే మళ్ళీ ఆలోచించుకోవాలి.

ఊరికే_వచ్చా:
మియాపూర్ నుంచి ఉప్పల్ పోవాలంటే అమీర్‌పేటలో మారితే మంచిదా, ఎంజీబీఎస్‌లోనా? మ్యాప్‌లో చూస్తే రెండూ వెళ్తాయి కదా.

మూసీతీరం:
అమీర్‌పేటలోనే మారండి, బ్లూ లైన్ నేరుగా ఉప్పల్ పోతుంది. ఎంజీబీఎస్ మీదుగా అయితే రెండుసార్లు మారాలి. ఇక్కడ మ్యాప్ గీయడం గురించి మాట్లాడుకుంటున్నామండీ.

నదికీచెరువుకీ:
ఆ రూమ్మేట్‌ని నేనే. నేను 45 వద్దన్నది అందం గురించి కాదు. న్యూయార్క్‌లో 1972లో మాసిమో విన్యెల్లి ఇట్లాంటి మ్యాపే చేసిండు, గీతలు చూస్తే చాలా శుభ్రంగ ఉంటయి, కానీ పొడుగ్గా ఉండాల్సిన సెంట్రల్ పార్క్ దాదాపు చతురస్రం అయిపోయింది. రోజూ ఆ పార్క్ పక్కన నడిచేటోళ్ళకి అది మింగుడుపడలే, 1979ల తీసేసి ఊరిని పోలిన మ్యాప్ పెట్టిన్రు. మన దగ్గర కూడా జనం ఎక్కడ దిగాల్నో హుస్సేన్ సాగర్‌ని చూసే గుర్తుపడతరు. అది లేకుండ ఉత్త గీతలు పెడితే ఎవరికి పనికొస్తది?

పట్టాలపిచ్చి:
న్యూయార్క్ వాళ్ళు 2025లో మళ్ళీ గీతల మ్యాప్‌కే వచ్చారు కదా బ్రో, ఆ ముక్క కూడా చెప్పు.

నదికీచెరువుకీ:
వచ్చిన్రు, నిజమే. కానీ అక్కడ లైన్లు ఎన్ని, మనకి ఎన్ని? మూడు లైన్లకి ఊరిని ఇంత వంచాల్సిన అవసరం ఏముంది అంటున్నా.

రూళ్ళకర్ర:
ఈ త్రిభుజం వరకు వంచాల్సిన అవసరమే పడలేదు, అది చూడు. అమీర్‌పేట నుంచి పరేడ్ గ్రౌండ్ నిజంగానే దాదాపు నేరుగా తూర్పు, అక్కడ్నించి ఎంజీబీఎస్ దాదాపు నేరుగా దక్షిణం. హుస్సేన్ సాగర్ కూడా సరిగ్గా ఈ మూడింటి మధ్యే ఉంది. లేత నీలంతో ఎనిమిది మూలల బొమ్మలాగా పెట్టు, బేగంపేట కింద, ఖైరతాబాద్ కుడిపక్క. మూసీని ఎంజీబీఎస్ దగ్గర ఒక వెడల్పు గీతగా పెట్టు, అవి కూడా 45 కోణాల్లోనే. సాగర్ అవసరం అనే మాటలో నీతో ఒప్పుకుంటా.

నాగోల్_వాసి:
నా అనుభవం చెప్తానండీ, ఇది సరిచేయకపోతే ఏ మ్యాపైనా నాకు అనవసరం. కొత్తగా ఊరొచ్చినప్పుడు నాగోల్‌లో ఉండేవాణ్ణి, ఎల్బీనగర్‌లో పని. ఒక గీతల మ్యాప్ చూసి, రెండూ రెండు చివర్లలో దూరంగా ఉన్నాయి కాబట్టి మెట్రోలోనే పోవాలేమో అనుకుని, పరేడ్ గ్రౌండ్ దాకా పోయి, నడిచి గ్రీన్ ఎక్కి, ఎంజీబీఎస్‌లో రెడ్‌కి మారి, వారం రోజులు ఇలాగే తిరిగా. తర్వాత ఒకాయన చెప్పాడు, ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఒక్క బస్సు చాలని, ఐదు కిలోమీటర్లేనట. ఆ వారం పోయిన టైమ్ ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

నదికీచెరువుకీ:
నేను చెప్పేది ఇదే.

రూళ్ళకర్ర:
ఇది గట్టి ఫిర్యాదు, లెక్క వేసి చూశా. నాగోల్ పరేడ్ గ్రౌండ్ నుంచి ఎనిమిదో గ్యాప్, ఎల్బీనగర్ ఎంజీబీఎస్ నుంచి ఏడో గ్యాప్. రెండు చేతులూ 45లో కుడి కిందికి లాగితే, గ్యాప్ 45 పెట్టినా ఆ రెండింటి మధ్య 290 పిక్సెళ్ళు వస్తోంది. పరేడ్ గ్రౌండ్‌కీ ఎంజీబీఎస్‌కీ మధ్య 320 కదా, అంటే ఏడు కిలోమీటర్ల దూరం, ఐదు కిలోమీటర్ల దూరం మ్యాప్ మీద ఇంచుమించు ఒకటే అయిపోయాయి.

కానీ ఇక్కడ తప్పు 45ది కాదు, ఏ చేతిని ఎటు తిప్పాం అన్నదాంట్లో ఉంది. మలక్‌పేట, న్యూ మార్కెట్, మూసారాంబాగ్ నిజానికి తూర్పుకే పోతాయి. ఎంజీబీఎస్ దాటాక మలక్‌పేట రాకముందే గీతని అడ్డంగా తిప్పి, మూడు గ్యాప్‌ల పొడవు అలాగే పోనిచ్చి, తర్వాత ఏటవాలుగా ఎల్బీనగర్‌కి దింపితే నాగోల్‌కి దూరం దాదాపు 195కి వస్తుంది. రెండు వంపులు ఎక్కువయ్యాయి, బదులుగా నాగోల్ వాసి గారు పొరపాటు పడరు. నేనైతే ఈ బేరానికి ఒప్పుకుంటా.

పట్టాలపిచ్చి:
నేను ఒప్పుకోను. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్‌కి నాలుగు వంపులైపోయాయి. వంపు తక్కువుంటేనే చూపు గీత వెంబడి పోతుంది. రింగ్ రోడ్డు బస్సుని సన్నటి చుక్కల గీతగా నాగోల్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య కలిపేస్తే సరిపోదా?

నాగోల్_వాసి:
చుక్కల గీత పెట్టినా నాకు చాలు. నాగోల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా ఎయిర్‌పోర్ట్‌కి లైన్ ప్రతిపాదన కూడా ఉంది కదా, ఎప్పుడైనా వస్తే దానికి చోటు ఉంచండి.

విశాఖపిల్ల:
గీతల సంగతి సరే, పేర్లు ఎక్కడ రాస్తున్నారు? నేను మా ఊరి బస్సులకి ఇలాంటిదే గీసి, గీతలన్నీ అయ్యాక పేర్లు పెట్టబోయి మొత్తం చెరిపేయాల్సొచ్చింది. బ్లూలో గ్యాప్ 40 కదా, 12 సైజులో "ప్రకాశ్ నగర్" అని తెలుగులో రాస్తే 40లో పట్టదు. రసూల్‌పురాతో గుద్దుకుంటుంది. అడ్డగీత మీద అడ్డంగా పేర్లు పెట్టడమే అన్నిటికన్నా కష్టం. నిలువు గీతకి, ఏటవాలు గీతకి పక్కన హాయిగా పడతాయి.

పైన ఒకటి కింద ఒకటి పెడితే కొంత నయం, కానీ తెలుగుకి ఇంకో చిక్కుంది, కింద ఒత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు అక్షరాలకి చాలిన ఎత్తు మనకి చాలదు, "మెట్టుగూడ" కింద ఉన్న ట వత్తు గీతకి తగులుతుంది. పేరుని గీత నుంచి ఇంగ్లీషుకన్నా కాస్త ఎక్కువ దూరం పెట్టి చూడండి.

మూసీతీరం:
అక్కా ఇది అస్సలు ఆలోచించలేదు. ఇప్పుడే పెట్టి చూశా, రసూల్‌పురా, ప్రకాశ్ నగర్ నిజంగానే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పేర్లని 45లో వాల్చనా, లేక బ్లూ గ్యాప్ పెంచనా?

విశాఖపిల్ల:
వాల్చితే మెడ వంచి చదవాలి, గోడ మీద పెట్టే మ్యాప్‌కి నేను వాల్చను. గ్యాప్ పెంచు.

రూళ్ళకర్ర:
బ్లూ గ్యాప్ 60 చేస్తే 300 అవుతుంది, గ్రీన్ 320, రెడ్‌కి నిలువుగా 20 మాత్రమే మిగులుతుంది. అంత చిన్న నిలువు ముక్క వంకరలాగా కనిపిస్తుంది కాబట్టి గ్రీన్‌ని కూడా 300 చేసెయ్, రెడ్ ఒక్క ఏటవాలు గీతలో అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చేస్తుంది. గ్రీన్ గ్యాప్ 37.5కి తగ్గుతుంది, నిలువు గీత కాబట్టి పేర్లకి ఇబ్బంది లేదు. వంపులు కూడా తగ్గాయి, పట్టాలపిచ్చికి నచ్చాలి.

పట్టాలపిచ్చి:
ఇది బాగుంది. మరి అప్పుడు బ్లూ 60, రెడ్ 47, గ్రీన్ 37.5, మూడూ మూడు రకాలు. గ్రీన్‌లో స్టేషన్లు కిక్కిరిసినట్టు ఉండవా?

నదికీచెరువుకీ:
ఇంకోటి, పరేడ్ గ్రౌండ్, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ వేర్వేరు స్టేషన్లు, మధ్యల నడవాలె. అమీర్‌పేట లెక్కనే ఒక్క గుండ్రం పెడితే అబద్ధమైతది. రెండు గుండ్రాలు పెట్టి చిన్న గీతతో కలపాలె.

రూళ్ళకర్ర:
రెండు గుండ్రాలు పెట్టాలి, అందులో వాదన లేదు. జేబీఎస్‌ని బ్లూ గీతకి పైకి 24 జరుపు, గ్రీన్‌కి కాస్త పొడవు కూడా వస్తుంది, గ్యాప్ 40 దాటుతుంది. కాకపోతే సికింద్రాబాద్ వెస్ట్ బ్లూ గీతకి కింద 16లోనే పడుతుంది, పేరు కుడిపక్కకి పెట్టి చూడు.

మూసీతీరం:
చూశా అన్నా, కుడిపక్క సికింద్రాబాద్ ఈస్ట్ పేరుకి తగులుతోంది. ఎడమకి మార్చి రాత్రికి మళ్ళీ పెడతా.