పెట్రోల్ వాళ్లదైన ప్లానా, మనదైన ప్లానా? 420 కిలోమీటర్లకు ఏది నయం?

ప్రయాణి: రెండు రోజులకు సెల్ఫ్ డ్రైవ్ కారు కావాలి. మెంబర్‌షిప్‌లో రెండు ప్లాన్లున్నాయి. మొదటిదాంట్లో పెట్రోల్ వాళ్లదే, రోజుకు 150 కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకింత అని అదనం. రెండోదాంట్లో పెట్రోల్ మనం పోయించుకోవాలి, రోజుకు 300 కిలోమీటర్లు, అద్దె తక్కువ. మేం 420 దాకా తిరుగుతాం. ఏది తీసుకోమంటారు?

బ్యాక్‌సీటు: డ్రైవర్‌తో సహా మాట్లాడుకోండి, గొడవే ఉండదు.

నిజాయితీ_మీటర్: మొదటి ప్లాన్ జోలికి పోకండి. 120 కిలోమీటర్లు అదనం పడుతుంది. ఆ అదనపు రేటు పచ్చి దోపిడీ. తక్కువ పరిమితి పెట్టడమే అందుకు.

గేర్‌బాక్స్: ప్రయాణి గారూ, అద్దెలూ అదనపు రేటూ చెప్పండి. డబ్బుల్లో వద్దు, ఎన్ని లీటర్ల పెట్రోల్ ఖరీదో చెప్పండి. అలాగైతే రెండు ప్లాన్లూ ఒకే కొలతలోకి వస్తాయి. అద్దె కార్ల కౌంటర్‌లో పనిచేసినప్పుడు నేను ఇలాగే లెక్క వేసేవాణ్ణి.

ప్రయాణి: మొదటిది రెండు రోజులకూ కలిపి సుమారు 45 లీటర్ల ఖరీదు. రెండోది 30 లీటర్లు. మొదటిదాంట్లో అదనపు కిలోమీటరుకు లీటరు ధరలో ఎనిమిదో వంతు.

గేర్‌బాక్స్: అయితే చూడండి. మొదటి ప్లాన్‌లో 300 పోను 120 కిలోమీటర్లు అదనం. అంటే 15 లీటర్లు, మొత్తం 60. రెండో ప్లాన్‌లో కారు లీటరుకు 15 ఇస్తే 420కి 28 లీటర్లు కావాలి, అద్దెతో కలిపి 58. అంటే దాదాపు సమానం.

ఇప్పుడు అదే కారు 12 మాత్రమే ఇచ్చిందనుకోండి. నిండా మనుషులు, ఏసీ, ఎత్తు దారి ఉంటే అంతకే పడిపోవచ్చు. అప్పుడు 35 లీటర్లు పడుతుంది, రెండో ప్లాన్ 65కి చేరుతుంది. మొదటిది 60 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మైలేజీ పడిపోతే ఆ నష్టం వాళ్లది. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నది ఒక్కటే చూస్తే తేలదు, కారు ఎంత తాగుతుందో కూడా చూడాలి.

లీటరుకు 15 వస్తే మొదటి ప్లాన్ 225 నుంచి 385 కిలోమీటర్ల మధ్య చవక. అంతకన్నా తక్కువ తిరిగినా ఎక్కువ తిరిగినా రెండోదే నయం. 12 వస్తే మొదటిది 180 నుంచి 540 దాకా నిలబడుతుంది.

నిజాయితీ_మీటర్: మీ లెక్క బాగుంది గానీ ఆ 420 ఎవరి మీటరు చెప్పిన 420? కారు మీటర్లు పది శాతం ఎక్కువ చూపిస్తాయని అందరికీ తెలుసు. 420 తిరిగితే 460 అని రాసుకుంటారు. పోయినసారి నా ఫోన్ మ్యాప్ ఒక దూరం చూపిస్తే వాళ్ల బిల్లులో ఇంకో దూరం ఉంది.

గేర్‌బాక్స్: ఎక్కువ చూపించేది స్పీడోమీటర్. అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి కంపెనీలు కాస్త పైకి పెడతాయి. దూరం లెక్కపెట్టే ఓడోమీటర్‌కు ఆ పెంపు ఉండదు. టైర్లు బాగా అరిగితే చక్రం చిన్నదవుతుంది, అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, అంతే. కొత్త టైరుకూ పూర్తిగా అరిగినదానికీ తేడా మహా అయితే రెండు శాతం. 420కి ఎనిమిది కిలోమీటర్లు, అంటే మీ లెక్కలో ఒక లీటరు. ఫోన్ మ్యాప్ ముందుగా చూపించేది దారి దూరం. పార్కింగ్ కోసం వేసిన చక్కర్లు, దారి తప్పి వెనక్కి వచ్చినవి అందులో ఉండవు.

నిజాయితీ_మీటర్: ఒక లీటరైనా నాదే కదా! ఎందుకివ్వాలి?

వసంత_కె: ఓడోమీటర్ సంగతి సరే, నాకు పెట్రోల్ ముల్లు దగ్గరే దెబ్బ తగిలింది. "తీసుకున్నంతకే ఇవ్వాలి" అన్నారు, నేను అంతే గీతలకు పోయించి పెట్టాను. తీరా బిల్లులో ఒక గీత తక్కువని పెట్రోల్‌కూ, పోయించినందుకు సర్వీస్ చార్జీకీ కలిపి వేశారు. బంకు రసీదు చూపించినా వినలేదు.

గేర్‌బాక్స్: వసంత గారూ, ఇలా జరగడానికి కారణం ఉంది. 40 లీటర్ల ట్యాంకుకు ఎనిమిది గీతలుంటే ఒక్కో గీత సుమారు 5 లీటర్లు. గీత అప్పుడే వెలిగిందో, ఆరిపోబోతోందో పైకి తెలియదు. మీరు తీసుకున్నప్పుడు గీత నిండుగా ఉండి, ఇచ్చినప్పుడు అంచున ఉంటే, పక్క వీధి దాకా నడిపినా ఆరిపోతుంది. పైగా కారు వాలులో నిలిపితే ట్యాంకులో తేలే బుడ్డి అటో ఇటో అవుతుంది, ముల్లు తప్పు చూపిస్తుంది. అందుకే చదునైన చోట ఇంజిన్ ఆన్ చేసి, కిలోమీటర్లూ గీతలూ ఒకే ఫొటోలో పడేలా తీసుకోవాలి, ఇచ్చేటప్పుడు కూడా. నిండు ట్యాంకుతో ఇచ్చి నిండుగా తీసుకునే పద్ధతిలో ఈ తగాదా తక్కువ, ఎందుకంటే పంపు దానంతటదే ఆగేదాకా పోయిస్తే చాలు.

నిజాయితీ_మీటర్: అంటే తప్పంతా మాదేనంటారు. మీరు ఆ కౌంటర్ వెనక కూర్చున్నవారే కదా, ఇంకేం చెబుతారు!

గేర్‌బాక్స్: మాట జారకండి. ఆమె తప్పని నేనెక్కడన్నాను? గీతల లెక్కతో బిల్లు వేయడం వాళ్ల బద్ధకమే. లీటర్లలో రాసుకోవాలి.

వసంత_కె: మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ అసలు విషయం ఇది కాదు. నాది నెలవారీ మెంబర్‌షిప్. ఆ నెల ఇంట్లో ఒంట్లో బాగోక కారు తీసింది తక్కువే. మిగిలిన కిలోమీటర్లు నెలాఖరున ఎగిరిపోయాయి. అంతకుముందు నెల కొంచెం దాటితే ప్రతి కిలోమీటరుకీ వసూలు చేశారు. దాటితే కొలుస్తారు, మిగిలితే కొలవరు. ఇదేం న్యాయం?

నిజాయితీ_మీటర్: అదీ! నేను మొదటి నుంచీ దోపిడీ అంటున్నది ఇదే.

గేర్‌బాక్స్: మీరు దోపిడీ అన్నది అదనపు రేటును. ఎనిమిదో వంతులో సగానికి పైగా పెట్రోల్‌కే పోతుంది, మిగతాది టైర్లు, సర్వీసు, కారు విలువ తగ్గడం. వసంత గారి ప్రశ్న వేరు, దానికి బలం ఉంది. కంపెనీ వైపు జవాబు ఏమిటంటే, మిగిలిన కిలోమీటర్లు అందరూ వాడేస్తే నెల రుసుమే పెరుగుతుంది. సగటు మెంబరు అంతా వాడడనే లెక్కతోనే ఆ ధర పెడతారు.

వసంత_కె: అంటే తక్కువ తిరిగే నేను ఎక్కువ తిరిగేవాళ్ల ఖర్చు మోస్తున్నానని మీరే ఒప్పుకున్నట్టు.

గేర్‌బాక్స్: కొంతవరకు అవును. కానీ మీరు తీయని రోజు కూడా మీకోసం కారు సిద్ధంగా ఉండాలి కదా, దానికీ ఖర్చుంది. తక్కువ తిరిగేవారు చిన్న స్లాబ్ తీసుకుని, అవసరమైన నెల అదనపు కిలోమీటర్లు ముందే కొనుక్కోవడం మేలు. ముందే కొంటే కొన్నిచోట్ల తక్కువ రేటుకు ఇస్తారు.

వసంత_కె: ఒంట్లో ఎప్పుడు బాగుండదో ముందే తెలిస్తే అలాగే కొంటాను.

ప్రయాణి: మేం ఐదుగురం, సామాను ఉంది, సగం ఘాట్ రోడ్డే. అయితే మొదటి ప్లానే తీసుకుంటాను. ఒక అనుమానం. మొదటి రోజు 260, రెండో రోజు 160 తిరుగుతాం. పరిమితి రోజువారీగా చూస్తారా, మొత్తం మీదా?

గేర్‌బాక్స్: చాలాచోట్ల మొత్తం మీదే చూస్తారు. మీ ఒప్పందంలో "రోజుకు" అని ఉంటే ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. రోజువారీ అయితే మొదటి రోజు 110, రెండో రోజు 10, కలిపితే ఆ 120 మారదు. కానీ రెండో రోజు 100కే ఆగిపోతే, మిగిలిన 50 మొదటి రోజు లెక్కలో కలపరు. అక్కడ తేడా వస్తుంది. ఇంకొకటి, తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే పెరిగిన గంటలకు కిలోమీటర్లు కూడా ఇస్తారా, గంటల చార్జీ మాత్రమే వేస్తారా అనేది కూడా అడగండి.

నిజాయితీ_మీటర్: బయల్దేరేముందు మీటరు ఫొటో మర్చిపోకండి. ఆ ఒక్క లీటరు కోసమైనా.