ఆలిగోమైసిన్ వేస్తే ఆక్సిజన్ వాడకం ఎందుకు పడిపోవాలి? నాకు సున్నా వేయడం న్యాయమేనా?

మూడోబెంచి:
బయోకెమిస్ట్రీ పరీక్షలో 10 మార్కుల ప్రశ్న. ఏడీపీ, ఫాస్ఫేట్, ఆహారం అన్నీ అంది హాయిగా శ్వాసిస్తున్న మైటోకాండ్రియాకి ఆలిగోమైసిన్ వేస్తే ఆక్సిజన్ వాడకం ఏమవుతుంది, ఆ తర్వాత డీఎన్‌పీ వేస్తే ఏమవుతుంది అని అడిగారు. "ఆలిగోమైసిన్ ఆపేది ఏటీపీ సింథేజ్‌ని, ఆక్సిజన్ వాడేది కాంప్లెక్స్ 4, కాబట్టి మార్పు ఉండదు. డీఎన్‌పీ విషం కాబట్టి అప్పుడు ఆగిపోతుంది" అని రాశాను. సున్నా వచ్చింది. కీలో మొదటిదానికి "పూర్తిగా ఆగిపోతుంది", రెండోదానికి "పెరుగుతుంది" అని ఉంది. ఏటీపీ సింథేజ్ ఆగిపోయిందని ఎక్కడో ఉన్న కాంప్లెక్స్ 4కి ఎలా తెలుస్తుంది?

గీతలపుస్తకం:
నాకైతే కీ మీదే అనుమానం. ఏడీపీ ఉంటే శ్వాస వేగంగా, అయిపోతే నెమ్మదిగా నడుస్తుందని మాకు క్లాసులో చెప్పారు. సింథేజ్‌ని మూసేస్తే ఏడీపీ ఖర్చవకుండా అలాగే ఉంటుంది. ఏడీపీ ఉన్నంతసేపూ శ్వాస తగ్గకూడదు కదా? నీ జవాబు మొదటి సగం కరెక్టే అనిపిస్తోంది. రీవాల్యుయేషన్‌కి పెట్టు.

పాతఎలక్ట్రోడు:
తొందరపడి పెట్టకు బాబూ. నేను చాలా ఏళ్లు ఆక్సిజన్ ఎలక్ట్రోడు ముందు కూర్చున్నదాన్ని. చిన్న గాజు గదిలో మైటోకాండ్రియా కలిపిన ద్రవం ఉంటుంది, అడుగున అయస్కాంతపు పుల్ల తిరుగుతూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ కాగితం మీద గీత కిందికి జారుతుంది. ఏడీపీ వేసినప్పుడు ఏటవాలుగా జారే ఆ గీత, సన్న సిరంజితో ఆలిగోమైసిన్ ఒక్క బొట్టు వదలగానే దాదాపు పడుకుంటుంది. అదే గదిలో డీఎన్‌పీ వేస్తే ముందుకన్నా నిటారుగా కిందికి దూకుతుంది. కీ దిశ సరైనదే.

ఏడీపీ సూత్రం కూడా నిజమే కానీ, ఏడీపీ కాంప్లెక్స్‌ల దగ్గరికి వెళ్లి ఏమీ చెప్పదు. అది ఉంటే సింథేజ్ తిరుగుతుంది, సింథేజ్ తిరిగితే బయటి ప్రోటాన్లు లోపలికి వస్తాయి. ఆ దారినే ఆలిగోమైసిన్ మూసేసింది. ఇక ఏడీపీ ఎంత ఉన్నా ఒకటే. గీతలపుస్తకం గారూ, ఒకటి ఆలోచించండి. డీఎన్‌పీ వేశాక కూడా సింథేజ్ మూసే ఉంది, ఏడీపీ ఖర్చవడం లేదు. అయినా శ్వాస ఎగిసింది. అంటే పగ్గం ఏడీపీ చేతిలో లేదు.

మూడోబెంచి:
మేడమ్, పగ్గం ప్రోటాన్ల చేతిలో ఉందని అర్థమవుతోంది. కానీ ప్రోటాన్లు బయట పోగుపడితే ఎలక్ట్రాన్లకి ఏం అడ్డం? అవి ఆక్సిజన్ వైపు వెళ్తూనే ఉండొచ్చు కదా?

పాతఎలక్ట్రోడు:
ఎలక్ట్రాన్ కదలాలంటే ప్రోటాన్‌ని బయటికి నెట్టి తీరాలి. రెండూ ఒకే యంత్రంలో ముడిపడి ఉన్నాయి, ఒకటి వదిలి ఒకటి నడవదు. ఇప్పుడు లెక్క చూడు. ఒక మోల్ ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దాకా దిగితే సుమారు 220 కిలోజూళ్లు వస్తాయి. దాంతో 10 మోళ్ల ప్రోటాన్లని నెట్టాలి. లోపొరకి రెండు పక్కలా 180 మిల్లీవోల్టుల తేడా ఉందనుకో, ఒక్కో మోల్‌కి సుమారు 17.4 కిలోజూళ్లు, మొత్తం 174. ఇంకా 46 మిగిలింది కాబట్టి పంపు జోరుగా నడుస్తుంది. సింథేజ్ మూసేస్తే తేడా పెరుగుతూ పోతుంది. 220 మిల్లీవోల్టులకి చేరితే పదింటికీ 212 కావాలి. చేతిలో ఉన్నది 220. ఇక నెట్టడానికి సత్తా ఎక్కడిది?

బరువుతగ్గాలి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. డీఎన్‌పీ వేస్తే శ్వాస పెరుగుతుందంటే కొవ్వు కరుగుతుందనే కదా? మా జిమ్‌లో ఒకాయన దీని గురించే చెప్పాడు.

పాతఎలక్ట్రోడు:
దయచేసి దాని జోలికి వెళ్లకండి. 1930లలో అమెరికాలో బరువు తగ్గడానికి దీన్ని నిజంగానే వాడారు. చనిపోయినవాళ్లున్నారు. 1938 నాటికి మనుషులు వాడకూడనంత ప్రమాదమని తేల్చారు. ఏటీపీ కావాల్సిన శక్తి అంతా వేడిగా పోతుంది, ఒళ్లు కాలిపోతుంది, విరుగుడు మందు లేదు. పనిచేసే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. ఆయనకి కూడా ఈ మాట చెప్పండి.

మూడోబెంచి:
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మేడమ్ లెక్క కాగితం మీద మూడుసార్లు వేసుకున్నా మనసుకి ఎక్కలేదు. నిన్న సాయంత్రం సైకిల్‌కి గాలి కొడుతున్నాను. మొదట్లో పంపు హాయిగా దిగింది. ట్యూబు నిండే కొద్దీ పిడి నా అరచేతిని వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. చివరికి ఒళ్లంతా బరువు వేసినా సగంలోనే ఆగింది. నా బలం తగ్గలేదు, పంపు చెడలేదు. అవతల ఒత్తిడి నా బలానికి సమానమైంది, అంతే. పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాంప్లెక్స్ 4కి ఎవరూ కబురు చెప్పక్కర్లేదు, పిడే చెబుతుంది!

తర్వాత వాల్వు కాస్త వదులు చేసి మళ్లీ కొట్టాను. గాలి బుస్సుమని పోతోంది, పంపు మాత్రం ఎంత వేగంగా కొడితే అంత వేగంగా దిగుతోంది. ట్యూబు నిండదు, పని జరగదు, పంపు ఆగదు. డీఎన్‌పీ చేసేది ఇదే కదా మేడమ్? విషం అని రాసి ఊరుకున్నాను కానీ అది పంపుని ముట్టుకోనే లేదు, ఒత్తిడిని పోగొట్టింది.

గీతలపుస్తకం:
బాగా పట్టుకున్నావు. నా ఏడీపీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అంటే డీఎన్‌పీ పొరకి చిల్లు పెడుతుందన్నమాట.

పాతఎలక్ట్రోడు:
చిల్లు కాదండీ. చిల్లు పడితే మిగతా అయాన్లు కూడా పోతాయి. డీఎన్‌పీ బలహీన ఆమ్లం, కొవ్వు పొరలో కరిగే రకం. బయట ప్రోటాన్‌ని ఎక్కించుకుని లోపల దించి, మళ్లీ ఖాళీగా వెనక్కి వెళ్తుంది. పడవలాంటిది.

సైకిల్ పోలిక నాకు చాలా నచ్చింది బాబూ. ఒక్కచోట మాత్రం సరిపోదు. గాలిలో ఉన్నది ఒత్తిడి ఒక్కటే. ఇక్కడ 180 మిల్లీవోల్టుల్లో 150 దాకా విద్యుత్ తేడాదే, పీహెచ్ తేడా వాటా మిగతా కొంచెం. ప్రోటాన్లు బయట గుంపుగా ఉన్నాయి కాబట్టి లోపలికి వస్తాయని మాత్రమే రాస్తే మైటోకాండ్రియా విషయంలో పెద్ద భాగం వదిలేసినట్టే. క్లోరోప్లాస్టులో ఇది తలకిందులు, అక్కడ పీహెచ్ తేడాదే పెత్తనం. 1966లో యాగెండోర్ఫ్, యురైబ్ థైలకాయిడ్లని పీహెచ్ 4 ద్రవంలో నానబెట్టి, చీకట్లోనే పీహెచ్ 8కి మార్చితే ఏటీపీ తయారైంది.

ఇక కీలోని "పూర్తిగా" అన్న మాట తప్పు. గీత పడుకుంటుందన్నాను కానీ పూర్తిగా సమం అవదు. ఆలిగోమైసిన్ ఎంత వేసినా పొర గుండా కొన్ని ప్రోటాన్లు కారుతూనే ఉంటాయి, పైగా వోల్టేజీ పెరిగే కొద్దీ ఆ కారడం బాగా ఎక్కువవుతుంది. కారినంత మేరకు పంపు నడవాల్సిందే.

గీతలపుస్తకం:
అయితే కీ కూడా తప్పే కదా! అలాంటప్పుడు సున్నా ఎలా న్యాయం? సింథేజ్‌ని ఆపుతుంది, ఆక్సిజన్ కాంప్లెక్స్ 4 దగ్గర వాడతారు అని వాడు రాసిన రెండు ముక్కలూ నిజమే. కనీసం 2 వేయాలి.

పాతఎలక్ట్రోడు:
నేనైతే వేయను. ప్రశ్న అడిగిందే ఆ రెండింటి మధ్య లంకె గురించి. జవాబులో లేనిది అదే.

మూడోబెంచి:
నాకు గీతలపుస్తకం మాటే ఎక్కువ నచ్చింది, కానీ రీవాల్యుయేషన్‌కి పెట్టడం లేదు. "పూర్తిగా" గురించి మాత్రం సార్‌ని రేపు అడుగుతాను. ఒక్క సందేహం మేడమ్. ఆ కారే ప్రోటాన్లు ఏ దారిన వస్తున్నాయి? కొవ్వు పొర గుండానా, ఏదైనా ప్రోటీన్ గుండానా?

పాతఎలక్ట్రోడు:
కొవ్వు పొర వాటా చిన్నదే. ఏడీపీ, ఏటీపీలని అటూ ఇటూ మార్చే ట్రాన్స్‌లొకేజ్ ప్రోటీన్‌కి ఇందులో పెద్ద చెయ్యి ఉందని నా నమ్మకం. పసిపిల్లల గోధుమరంగు కొవ్వులో అయితే యూసీపీ1 అని ఈ పనికే పుట్టిన ప్రోటీన్ ఉంది, దాంతోనే వాళ్లు వెచ్చగా ఉంటారు. మామూలు కణాల్లో ఎవరి వాటా ఎంత అన్నదాని మీద మా ల్యాబులోనే ఇద్దరం ఒప్పుకోం.