ఉత్పత్తి అవకాశాల రేఖ బయటికి ఎందుకు ఉబ్బుతుంది?

భవాని: గ్రూప్-2కు చదువుతున్నాను. ఉన్న వనరులన్నీ వాడి రెండు సరుకులను గరిష్ఠంగా ఎంతెంత తయారు చేయగలమో చూపే ఉత్పత్తి అవకాశాల రేఖను ఎప్పుడూ బయటికి ఉబ్బినట్లు గీస్తారు. అవకాశ వ్యయం, అంటే ఒక సరుకు కోసం వదులుకునే రెండో సరుకు, పెరగడం వల్ల అని నోట్సులో ఉంది. ఆ వ్యయం ఎందుకు పెరుగుతుందో మాత్రం ఎక్కడా వివరించలేదు. సరళరేఖ ఎందుకు కాకూడదు?

కిరణ్: క్షీణ ప్రతిఫలాల వల్ల. ఒకే చేలో ఎరువు పెంచుతూ పోతే అదనపు దిగుబడి తగ్గుతుంది కదా, ఇక్కడా అంతే. రేఖకు లోపల బిందువు ఉంటే నిరుద్యోగం ఉన్నట్లు. ఈ రెండూ గుర్తుంటే చాలు.

సత్యవతి: కిరణ్ గారూ, క్షీణ ప్రతిఫలాలు ఒక కారణమే. అవి బొత్తిగా లేకపోయినా రేఖ వంగుతుంది. చిన్న లెక్క వేస్తాను, అంకెలు నేను ఊహించినవి. ఒక ఊళ్లో ఎకరం చొప్పున నాలుగు చేలు ఉన్నాయనుకోండి. పల్లపు చేను వరి వేస్తే 24 క్వింటాళ్లు, మిర్చి వేస్తే 4 ఇస్తుంది. రెండో చేను 20 లేదా 10, మూడోది 16 లేదా 16. మెరకలో ఉన్న నాలుగో చేను వరి 8, మిర్చి 20. అన్నింటా వరి వేస్తే 68 క్వింటాళ్లు, మిర్చి సున్నా.

ఇప్పుడు మిర్చి కావాలంటే ముందు మెరక చేను మార్చాలి. 8 క్వింటాళ్ల వరి వదిలితే 20 క్వింటాళ్ల మిర్చి వస్తుంది. అంటే క్వింటా మిర్చికి 40 కిలోల వరి పోయింది. మూడో చేను మార్చితే క్వింటాకు క్వింటా పోతుంది. రెండో చేలో రెండు క్వింటాళ్లు, చివరికి పల్లపు చేలో ఆరు. ఎకరానికి దిగుబడి ఎక్కడా తగ్గలేదు, చేల స్వభావాలే వేరు. అన్ని చేలూ ఒకేలా ఉంటే మీరడిగిన సరళరేఖే వస్తుంది. కాగితం మీద 68-0, 60-20, 44-36, 24-46, 0-50 బిందువులు పెట్టి కలిపి చూడండి.

వెంకటేశ్వర్లు: వరి వేయాలా మిర్చి వేయాలా అన్నదే సందేహమైతే నా మాట వినండి. మా పల్లపు చేలో ఒక ఏడు మిర్చి వేశాను. నీరు నిలిచి వేరు కుళ్లింది, మొక్కలు నిలువునా వాడిపోయాయి. అందరూ మిర్చి వైపు పోతే ధర కూడా పడిపోతుంది.

సత్యవతి: భవాని అడిగింది అది కాదు గానీ, వెంకటేశ్వర్లు గారూ, పల్లపు చేలో 4 క్వింటాళ్లని నేను రాసింది ఆ కుళ్లు వల్లే. రేఖ మీద ఎక్కడ నిలబడాలో రేఖ చెప్పదు, ధర చెబుతుంది. సాగు ఖర్చు పక్కన పెడితే, క్వింటా మిర్చి మూడు క్వింటాళ్ల వరి ధర పలికితే మూడు చేలు మిర్చికి పోతాయి, పల్లం మాత్రం వరికే ఉంటుంది.

భవాని: ఇప్పుడు అర్థమైంది. పల్లపు చేనునే ముందు మార్చితే ఏమవుతుంది?

సత్యవతి: వరి 44, మిర్చి 4. అదే 4 క్వింటాళ్ల మిర్చి మెరక చేలో అయిదో వంతుతో వచ్చేది, వరి 66 క్వింటాళ్లకు పైగా మిగిలేది. అంటే మనం రేఖకు చాలా లోపల ఉన్నాం. గమనించండి, ఒక్క సెంటు భూమి బీడు పడలేదు, ఒక్కరూ ఖాళీగా లేరు. లోపలి బిందువంటే నిరుద్యోగమే అనుకోకూడదని చెప్పేది ఇందుకే. పరీక్షల్లో ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే.

భవాని: మంచి మిర్చి విత్తనం వస్తే రేఖ మొత్తం బయటికి జరుగుతుందా?

సత్యవతి: సమంగా జరగదు. ప్రతి చేలో మిర్చి ఒకటిన్నర రెట్లయితే మిర్చి అంచు 50 నుంచి 75కు పోతుంది, వరి అంచు 68 దగ్గరే ఉంటుంది. అయినా వరికీ లాభముంది. 20 క్వింటాళ్ల మిర్చికి ఇప్పుడు మెరక చేలో మూడింట రెండు వంతులు చాలు. మిగిలిన దాంట్లో వరి వేస్తే మొత్తం వరి 60 కాదు, దాదాపు 62.7.

కిరణ్: లోపలి బిందువు విషయం ఒప్పుకుంటున్నాను. మరి రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా? మొదట్లో ఆయుధాలూ పెరిగాయి, జనం వాడకమూ పెరిగింది. 1942 ఫిబ్రవరిలో మాత్రం పౌరుల కోసం కార్ల తయారీ ఆపేశారు.

సత్యవతి: చక్కటి ఉదాహరణ. మాంద్యం వల్ల మనుషులూ యంత్రాలూ ఖాళీగా ఉన్నంత కాలం రెండూ కలిసి పెరిగాయి. రేఖను సమీపించాక ట్యాంకు కావాలంటే కారు వదలాల్సి వచ్చింది.

కిరణ్: అప్పుడు లక్షలాది మహిళలు కొత్తగా ఫ్యాక్టరీల్లో చేరారు. శ్రామికులే పెరిగారు కాబట్టి రేఖే జరిగిందని నా వాదన.

సత్యవతి: పని వెతకని వారిని ముందునుంచీ వనరుగా లెక్కించామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేనైతే రేఖ వైపు కదలడమే అంటాను.

కిరణ్: ఇంట్లో వాళ్లు చేసే పనిని కూడా ఉత్పత్తిగా లెక్కిస్తే వాళ్లు ఖాళీగా ఉన్నట్లు కాదు కదా, మేడమ్. అప్పుడు అది ఒక సరుకు నుంచి మరో సరుకుకు మారడం. నాకింకా మీ మాట కుదరడం లేదు.