అప్‌డేట్: ఈవెనింగ్ బ్యాచ్‌కి మార్చారు

నా ప్రశ్న: "ఎంబీఏ డే బ్యాచ్‌లో ఉండగా ఉద్యోగం వచ్చింది. ఈవెనింగ్‌కి మార్చమని కాలేజీకి మెయిల్ ఎలా రాయాలి?"

మొదటి మెయిల్‌ని కాలేజీ ఆఫీసు తిప్పి పంపింది. దానికి జత చేసిన కంపెనీ లెటర్‌లో "మా ఉద్యోగి" అని తప్ప డ్యూటీ టైమింగ్స్ లేవు. క్లాసుల టైమ్‌తో డ్యూటీ ఢీకొంటోందని కాలేజీ ఆఫీసుకి తెలిసేది వాటితోనే కదా! హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే లెటర్‌హెడ్ మీద మళ్లీ రాసిచ్చారు: చేరిన తేదీ, ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు డ్యూటీ, కోర్సు అయ్యేదాకా అభ్యంతరం లేదన్న మాట, సంతకం, స్టాంపు.

ఈసారి మెయిల్ సబ్జెక్ట్‌లోనే రోల్ నంబర్ పెట్టి, ఇలా రాశాను: "సార్, 6 గంటల తర్వాతి క్లాసులకు తప్పకుండా వస్తాను. దయచేసి ఈవెనింగ్ బ్యాచ్‌కి మార్చగలరు. ఇప్పటిదాకా ఉన్న నా అటెండెన్స్ కొత్త బ్యాచ్‌లో కలుస్తుందా?"

కలుస్తుందని రాతపూర్వకంగా జవాబిచ్చారు. నా అసలు టెన్షన్ అదే. ఆ మెయిల్ ప్రింట్ తీసి దాచుకున్నాను. సోమవారం నుంచి క్లాసులు.