మొదటి ఫుల్ మారథాన్‌కి సొంత ప్లానా, యాప్ ప్లానా, కోచా?

కొత్తపరుగు: రెండేళ్లుగా పరిగెత్తుతున్నాను. వారానికి 4 రోజులు, మొత్తం 30 కి.మీ. హాఫ్ మారథాన్ 2 గంటల 5 నిమిషాల్లో చేశాను. ఇంకో 18 వారాల్లో మొదటి ఫుల్. నెలనెలా కోచ్‌కి కట్టడం నాకు భారమే. ఏం చేయమంటారు?

వాచ్‌మిత్ర: యాప్ తీసుకోండి. మీ వాచ్ డేటా అంతా చూసి రోజూ ప్లాన్ మార్చేస్తుంది. కోచ్ చేసేదీ అదే కదా.

నిదానం: అన్నీ చూడదండీ. మూడు రోజులు పరుగు మానేశారనుకోండి, మానేశారని మాత్రమే దానికి తెలుస్తుంది. జ్వరమొచ్చి మానేశారో, ఊరెళ్లి మానేశారో మీరు చెబితే తప్ప తెలియదు. జ్వరమైతే తర్వాతి వారం తేలిగ్గా నడపాలి, ప్రయాణమైతే ఉన్న ప్లానే కొనసాగించవచ్చు.

టార్గెట్ టైమ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. హాఫ్ 2:05 అని చెబితే మామూలు లెక్క ప్రకారం ఫుల్ 4:20 వస్తుంది, అంటే కి.మీ.కి సుమారు 6:10. వారానికి 30 కి.మీ. మాత్రమే పరిగెత్తే వాళ్లలో చాలామంది ఆ వేగంతో మొదలుపెట్టి రేసులో 30వ కి.మీ. దాటాక నడకలోకి దిగిపోతారు. కొత్తపరుగు గారి స్థానంలో నేనుంటే 6:35తో మొదలుపెడతాను, 4:38 అవుతుంది. చివరి 10 కి.మీ.లో ఓపిక మిగిలితే అప్పుడు పెంచుకోవచ్చు.

గట్టుదారి: నేను యాప్‌నే నమ్మాను. ఈజీ రన్‌లో వాచ్ గుండె వేగం 170 చూపించేది. హాయిగా మాట్లాడుతూనే పరిగెత్తేదాన్ని, అయినా ఫిట్‌నెస్ పడిపోయిందని టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, నిమిషానికి నా అడుగులూ 170! వాచ్ అడుగులనే గుండె చప్పుడుగా లెక్కేసింది. ఛాతీకి కట్టే పట్టీతో చూస్తే 142.

తొలిఅడుగు: మొదటిసారి పరిగెత్తేవారికి కోచ్ తప్పనిసరి. ముందు 5 కి.మీ. నేర్చుకోండి.

నిదానం: ఆయన కొత్తవారు కాదండీ, రెండేళ్ల అనుభవం ఉంది. అందుకే నా ఓటు సొంత ప్లాన్‌కి. ఉచితంగా దొరికే 18 వారాల ప్లాన్ ఒకటి తీసుకుని, మొదటి వారం 30 కి.మీ. దాటకుండా ఉందో లేదో చూసుకోండి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించండి. ఈజీ రన్‌లో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. రోజూ ఒక వాక్యం రాసుకోండి: నిద్ర ఎలా ఉంది, కాళ్లెలా ఉన్నాయి. 8వ వారంలో ఆ నోట్స్ పట్టుకుని కోచ్‌తో ఒక్క గంట కూర్చోండి. నెలనెలా కట్టక్కర్లేదు.

గట్టుదారి: ఒక్క గంటతో కోచ్‌కి మన గురించి ఏం తెలుస్తుంది? నా కోచ్‌కి నన్ను ఆపాలని అర్థం కావడానికే రెండు నెలలు పట్టింది. పిక్క ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి వచ్చేది, నేను ఎవరికీ చెప్పలేదు.

నిదానం: అలాంటి నొప్పికి కోచ్ దగ్గరికి కాదు, పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కానీ మీరన్నదీ నిజమే. నొప్పి దాచుకుని పరిగెత్తే అలవాటున్న వాళ్లకి సొంత ప్లాన్ ప్రమాదం. కొత్తపరుగు గారూ, ఆ అలవాటు మీకుందా?

కొత్తపరుగు: ఉంది. పోయినసారి హాఫ్‌కి ముందు మూడు వారాలు మడమ నొప్పితోనే పరిగెత్తాను.