ఒక్క పేజీ పెట్టుబడి నియమాలు: మార్కెట్ పడిన రోజు పనికొస్తాయా?

ఓరుగల్లు_ఇల్లు:
మేమిద్దరం ఉద్యోగస్తులం. రిటైర్మెంట్‌కి 14 ఏళ్లుంది. ఉన్న 40 లక్షలకి ఒక పేజీ రాసుకున్నాం: ఈక్విటీ 60 శాతం, డెట్ 30, బంగారం 10. ఈక్విటీ 55కి దిగినా 65 దాటినా మళ్లీ 60కి తేవాలి. ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో చూసుకోవాలి. మార్కెట్ కుప్పకూలిన రోజు ఈ కాగితం నిలబడుతుందా?

నెలజీతం:
నిలబడుతుందండీ. పడ్డప్పుడు దేన్నీ కదపక్కర్లేదు. నెల నెలా పెట్టే సిప్ మొత్తాన్ని ఈక్విటీ వైపు తిప్పండి, ఏడాదిలో 60కి వచ్చేస్తుంది. నేను అలాగే చేస్తున్నా.

బ్యాంకు_రిటైర్డ్:
తిప్పమనడం సరైనదే, ఏడాదిలో వస్తుందన్నదే కుదరదు. లెక్క వేసి చూడండి. 2020 జనవరి మధ్య నుంచి మార్చి 23 దాకా నిఫ్టీ 38 శాతం పడింది. అంతే పడిందనుకుంటే మీ 24 లక్షల ఈక్విటీ 14.9 లక్షలవుతుంది. డెట్ 12, బంగారం 4 అలాగే ఉన్నాయనుకుందాం. మొత్తం 30.9 లక్షలు, అందులో ఈక్విటీ 48 శాతం.

ఇప్పుడు కొత్త డబ్బుతోనే 60కి తేవాలంటే ఎంత కావాలి? మిగతా 16 లక్షలు 40 శాతం కావాలంటే మొత్తం మళ్లీ 40 లక్షలవ్వాలి. అంటే పోయిన 9.1 లక్షలూ జేబులోంచే పెట్టాలి. నెలకి 30 వేలు పెట్టేవాళ్లకి రెండున్నరేళ్లు. అదే డెట్‌లోంచి కదిపితే 3.6 లక్షలు చాలు.

ఓరుగల్లు గారూ, మీ డెట్ 12 లక్షల్లో ఏమేమున్నాయి?

ఓరుగల్లు_ఇల్లు:
ఇద్దరి ఈపీఎఫ్, నా పీపీఎఫ్ కలిపి 9 లక్షలు. ఎఫ్‌డీ 3 లక్షలు. ఆ ఎఫ్‌డీ ఆసుపత్రి, ఉద్యోగం పోవడం లాంటి అవసరాలకి పెట్టుకున్నది.

బ్యాంకు_రిటైర్డ్:
అదీ సంగతి. కాగితం మీద 12 లక్షలు కనిపిస్తున్నా, మార్కెట్ పడిన వారంలో మీరు కదపగలిగేది సున్నా. ఈపీఎఫ్ సొమ్ముని మీ ఇష్టానికి షేర్లవైపు మళ్లించలేరు. పీపీఎఫ్‌లోంచి ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి ఏడాదికోసారి, అదీ కొంతే తీయగలరు. మిగిలింది ఎఫ్‌డీ. మార్కెట్ పడిన రోజుల్లోనే ఉద్యోగాలూ ఊడతాయి, దాన్ని ముట్టుకోవద్దు. అసలు దాన్ని 40 లక్షల లెక్కలోంచే తీసేయండి.

పేజీలో ఇంకో గడి గీయండి: "కదిలే డెట్". ఈ రోజు నుంచి వచ్చే సిప్‌లో కొంత లిక్విడ్ ఫండ్‌కి పంపి, ఆ గడిలో 3 లక్షలు దాటేదాకా నింపండి. సరిచేసే వాక్యం పక్కనే "డబ్బు ఏ ఖాతా నుంచి" అని రాసి ఉండాలి. నేను చూసిన ఇంటి కాగితాల్లో చాలావాటిలో ఆ ఒక్క మాటే ఉండదు.

గోదారి_గట్టు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా ఆవిడ నగలు 35 తులాలుంటాయి. వాటిని బంగారం 10 శాతంలో కలిపాను. బంగారం బాగా పెరగడంతో మా ఇంట్లో అది 28 శాతమైంది. ఇప్పుడు అమ్మాలా?

సీతాఫలం:
అన్నా, ఆ మాట వదినని అడిగే ధైర్యం ఉంటే కలుపుకో! అమ్మబోని వస్తువుని శాతాల్లో వేస్తే ఈక్విటీ తక్కువున్నట్టు కనిపిస్తుంది, ఇంకా కొంటావు, అనుకున్నదాని కంటే ఎక్కువ రిస్కు నెత్తిన పడుతుంది. నగలు పేజీ వెనక రాసుకో.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, 60 దాకా తేవాలన్న పట్టు ఎందుకు? 55 అంచు దాకా తెస్తే చాలని రాసుకోండి. అప్పుడు కదపాల్సింది 2.1 లక్షలే. కొత్త డబ్బుతోనే అయినా 4.7 లక్షలు, అంటే పదహారు నెలలు.

బ్యాంకు_రిటైర్డ్:
అంచు దాకే తెస్తే వచ్చే నెల ఇంకో మూడు శాతం పడగానే మళ్లీ అంచు దాటుతుంది. ఆరునెలలకోసారి చూసేవాళ్లకి మధ్యకి తేవడమే మేలని నా నమ్మకం.

సీతాఫలం:
పడుతున్నప్పుడు రెండుసార్లు చిన్న చిన్నగా కొనడానికి చెయ్యి ఆడుతుంది మాస్టారూ. ఒకేసారి 3.6 లక్షలంటే మా ఇంట్లో ఆ రాత్రే గొడవ. ఒప్పుకోను.

ఓరుగల్లు_ఇల్లు:
ఎఫ్‌డీ తీసేస్తే మాది 37 లక్షలు, ఈక్విటీ అప్పుడే 65 శాతం దగ్గరుంది! కొత్త సిప్ నెలకి 20 వేలు లిక్విడ్ ఫండ్‌కి మార్చాం. అంచా, మధ్యా అన్నది ఇంకా తేలలేదు. మా ఆవిడ అంచు అంటోంది, నేను మధ్య అంటున్నాను. ఆ గడి ఖాళీగా వదిలి, ఇద్దరం సంతకాలు పెట్టాం.